ఆదివారం ఉదయం, కమ్యూనిటీ హాల్లో రక్తదాన శిబిరం

రక్తదాన శిబిరం ఫ్లెక్సీలన్నీ దాదాపు ఒక్కలాగే ఉంటాయి. పైన ఎర్రటి రక్తపు బొట్టు, దాని కింద ఒక నినాదం, రెండు పక్కలా నాయకుల ఫోటోలు. వీటన్నిటికీ చోటిచ్చాక అడుగున చిన్న అక్షరాల్లో అసలు విషయం: ‘ఈ ఆదివారం ఉదయం, కమ్యూనిటీ హాల్లో. అందరూ ఆహ్వానితులే.’ ఏ ఆదివారమో లేదు, ఎన్ని గంటలకో లేదు, ఎవరిని అడగాలో లేదు. పైగా ఆ ‘అందరూ’ అన్న మాట నిజం కాదు. రక్తం అందరూ ఇవ్వలేరు. ఇవ్వకూడని వాళ్లు ఎవరో మన దేశంలో చట్టమే చెబుతోంది. ఆ సంగతి ఇంట్లో నోటీసు చదువుతున్నప్పుడు తెలియకపోతే, హాల్లో అరగంట లైన్లో నిలబడ్డాక తెలుస్తుంది. అలా వెనక్కి వెళ్లిన మనిషి మరోసారి పిలిచినా అంత తేలిగ్గా రాడు.

అందుకే కాలనీ సంఘం తన వాట్సాప్ గ్రూపులో పెట్టే నోటీసు గురించే ఇక్కడ మాట్లాడుకుందాం. ఉదాహరణకు హైదరాబాద్ శివార్లలో రెండు వందల ఇళ్ల కాలనీ ఒకటి ఉందనుకోండి. అక్టోబర్ 1 జాతీయ స్వచ్ఛంద రక్తదాన దినం. 2026లో అది గురువారం వస్తుంది కాబట్టి, సంఘం వాళ్లు ఆ వెంటనే వచ్చే ఆదివారం, అక్టోబర్ 4న శిబిరం పెట్టాలనుకున్నారు. చేతులెత్తిన వాళ్లు అరవై మంది.

మొదట తేల్చుకోవలసింది వేళ. చాలామంది సంఘం పెద్దలు ముందు హాలు బుక్ చేసి, నోటీసు పెట్టి, ఆ తర్వాత బ్లడ్ బ్యాంకుకు ఫోన్ చేస్తారు. ఇది తలకిందుల పద్ధతి. లైసెన్సు ఉన్న రక్త కేంద్రం వచ్చి సేకరిస్తేనే శిబిరం. 2020 నుంచి చట్టం బ్లడ్ బ్యాంకును ‘రక్త కేంద్రం’ అనే అంటోంది. ఆ కేంద్రం ఎంతమంది సిబ్బందితో, ఎన్ని మంచాలతో వస్తుందన్న దాన్ని బట్టే మన వేళలు ఉంటాయి. చట్టం దీనికి ఒక కొలత కూడా ఇచ్చింది. ఆరు నుంచి ఎనిమిది మంచాలు, ఒక డాక్టరు, ఇద్దరు నర్సులు, ముగ్గురు టెక్నీషియన్లు, వాళ్లకు తోడు సహాయకులు ఉంటే మూడు గంటల్లో 50 నుంచి 70 మంది దగ్గర, అయిదు గంటల్లో 100 నుంచి 120 మంది దగ్గర రక్తం తీసుకోవచ్చని.

ఈ లెక్క ఎలా వచ్చిందో మనమే వేసి చూడవచ్చు. సూది గుచ్చాక సంచి నిండడానికి పట్టేది పది నిమిషాల లోపే. కానీ దాత పడుకోవడం, చేయి శుభ్రం చేయడం, అయిపోయాక కాసేపు లేవకుండా ఉండటం, తర్వాతి వారి కోసం మంచం సిద్ధం చేయడం, అన్నీ కలిపితే ఒక్కొక్కరికి ఇరవై నిమిషాలనుకోవాలి. అంటే మంచానికి గంటకు ముగ్గురు. ఆరు మంచాలకు గంటకు పద్దెనిమిది మంది, మూడు గంటలకు యాభై నాలుగు. మన కాలనీ అరవై మందికి ఇది సుమారుగా సరిపోతుంది, ఎందుకంటే చేతులెత్తిన వాళ్లలో కొందరు రారు, వచ్చిన వాళ్లలో కొందరిని డాక్టరు వద్దంటారు. అదే చిన్న బృందం నాలుగు మంచాలతో వస్తే మూడు గంటల్లో తేలేది ముప్ఫై ఆరు మందే. అప్పుడు నోటీసులో ‘9 నుంచి 12’ అని రాస్తే పదకొండింటికి హాలు బయట గొడవే.

ఆ గొడవ రాకుండా ఉండాలంటే అందరినీ తొమ్మిదింటికే పిలవకూడదు. ఏ, బీ బ్లాకుల వాళ్లు 9 నుంచి, సీ బ్లాకు వాళ్లు 10 నుంచి, విడి ఇళ్ల వాళ్లు 11 నుంచి అని నోటీసులోనే విడగొట్టాలి. ‘చివరి పేరు నమోదు 11.45కి’ అని ఇంకో ముక్క చేర్చాలి. పన్నెండుకు ముగింపు అంటే పన్నెండుకు వస్తే చాలు అనుకునే వాళ్లు ప్రతి కాలనీలోనూ ఉంటారు. శిబిరం మధ్యాహ్నం దాకా సాగదీయడానికి బ్లడ్ బ్యాంకు వాళ్లు ఒప్పుకోకపోవడానికి వేరే కారణం కూడా ఉంది. డెంగీ రోగులకు, కేన్సర్ మందులు వాడే వాళ్లకు కావలసిన ప్లేట్‌లెట్లను సేకరించిన రక్తం నుంచి కొన్ని గంటల్లోపే వేరు చేయాలి. తొమ్మిదింటికి తీసిన మొదటి సంచి సాయంత్రం దాకా హాల్లోనే ఉండిపోతే దాని నుంచి ఎర్రకణాలు దక్కుతాయేమో గానీ ప్లేట్‌లెట్లు దక్కవు. వేరు చేసిన ప్లేట్‌లెట్లు కూడా అయిదు రోజులే నిలుస్తాయి. ఎర్రకణాలను మాత్రం సంచిలోని ద్రవాన్ని బట్టి 35 రోజులో 42 రోజులో చల్లగా దాచుకోవచ్చు.

వేళతో పాటే ఏ వారమన్నదీ ఆలోచించాలి. ఉపవాసంలో ఉన్న వాళ్ల నుంచి రక్తం తీసుకోకూడదని నిబంధన. మన ఇళ్లలో శనివారం వెంకన్నకు ఒంటిపూట ఉండే వాళ్లు తక్కువేమీ కాదు. కార్తీకంలో అయితే సోమవారం కూడా అంతే. అయ్యప్ప మాల వేసుకున్న స్వాములు మధ్యాహ్నం భిక్ష దాకా ఏమీ ముట్టరు, కాబట్టి నవంబర్, డిసెంబర్ నెలల్లో పొద్దున పెట్టే శిబిరాలకు వాళ్లు ఖాళీ కడుపుతోనే వస్తారు. రంజాన్ నెలలో పగటి శిబిరం పెట్టడమంటే కాలనీలో కొంతమందిని పిలవకపోవడమే. ఆదివారం అందరికీ సెలవు కావడమే కాదు, ఎక్కువ మంది టిఫిన్ తిని వచ్చే రోజు కూడా అదే. ‘పరగడుపున రావద్దు’ అన్న మాట నోటీసులో తప్పకుండా ఉండాలి. రక్తపరీక్షకు పరగడుపున వెళ్లడం అలవాటైన మనవాళ్లు దీనికీ అలాగే వచ్చేస్తారు మరి! రెండు ఇడ్లీలో, ఉప్మానో తిని, నాలుగు గ్లాసుల నీళ్లు తాగి రమ్మని రాస్తే సరిపోతుంది.

ఇప్పుడు అర్హతలు. ఇక్కడే నోటీసులు రెండు రకాలుగా చెడతాయి. కొన్నిటిలో ‘ఆరోగ్యవంతులైన 18 ఏళ్లు దాటిన వారు’ అని ఒక్క ముక్క ఉంటుంది. కొన్నిటిలో ఎక్కడి నుంచో ఎత్తి రాసిన యాభై రోగాల జాబితా ఉంటుంది, దాన్ని ఎవరూ చదవరు. ఎవరికి వారు ఇంట్లోనే తేల్చుకోగలిగిన నాలుగైదు ప్రశ్నలు రాసి, మిగతావి డాక్టరుకు వదిలేయడం మేలని నాకనిపిస్తుంది.

వయసు 18 నుంచి 65. అయితే జీవితంలో మొదటిసారి ఇచ్చే వాళ్లకు పై హద్దు 60. రిటైరయ్యాక తీరిక దొరికి అరవై రెండేళ్లకు మొదటిసారి ముందుకొచ్చే పెద్దాయన్ను హాలు దాకా రప్పించి వెనక్కి పంపడం బాగుండదు. ఈ ఒక్క ముక్కా నోటీసులో ఉంటే ఆయన పేర్లు రాసుకునే బల్ల దగ్గర కూర్చుని సాయం చేస్తారు.

బరువు కనీసం 45 కిలోలు. అంతకు తగ్గని వాళ్ల దగ్గర 350 మిల్లీలీటర్లు తీసుకుంటారు, 55 కిలోలు దాటితే 450 తీసుకోవచ్చు. ఈ రెండు హద్దుల వెనక ఉన్నది ఒకే లెక్క: కిలో బరువుకు సుమారు ఎనిమిది మిల్లీలీటర్లకు మించి తీయరు. మనిషి ఒంట్లో కిలోకు దాదాపు డెబ్బై మిల్లీలీటర్ల రక్తం ఉంటుందనుకుంటే, తీసేది పదోవంతు కన్నా కాస్త ఎక్కువ. నలభై కిలోల పిల్ల దగ్గర తీయడానికి డాక్టరు ఒప్పుకోకపోవడం అందుకే. పక్కవాడికి పెద్ద సంచి, తనకు చిన్న సంచి పెట్టారని చిన్నబుచ్చుకునే కుర్రాళ్లకు కూడా ఇదే జవాబు.

హిమోగ్లోబిన్ డెసీలీటరుకు 12.5 గ్రాములు ఉండాలి. ఆడవాళ్లకైనా మగవాళ్లకైనా హద్దు ఇదే. మన రాష్ట్రాల్లో ఆడవాళ్లలో రక్తహీనత ఎక్కువ కాబట్టి ఎంతో ఇష్టంగా వచ్చిన ఆడవాళ్లు ఎక్కువగా ఆగిపోయేది ఇక్కడే. శిబిరంలో దీన్ని చూసే పాత పద్ధతి ఒకటి చూడ ముచ్చటగా ఉంటుంది. గాజు గ్లాసులో నీలిరంగు కాపర్ సల్ఫేట్ ద్రావణం పోసి, వేలి నుంచి తీసిన రక్తపు చుక్కను దాంట్లో వేస్తారు. ఆ ద్రావణం సాంద్రత 1.053 ఉండేలా కలుపుతారు. రక్తంలో హిమోగ్లోబిన్ తగినంత ఉంటే చుక్క బరువుగా ఉండి పదిహేను సెకన్లలోపే అడుక్కి దిగిపోతుంది. లేకపోతే కాసేపు తేలుతూ ఊగిసలాడుతుంది. ఇప్పుడు చాలా కేంద్రాలు చిన్న మీటరుతో అంకె చూసి చెబుతున్నాయి. ఆగిపోయిన వాళ్లకు ‘మీ రక్తం పనికిరాదు’ అని చెప్పే సిబ్బంది కూడా ఉంటారు. అది తప్పుమాట. ఆ అంకెను చీటీ మీద రాసిచ్చి, డాక్టరుకు చూపించుకోమనాలి. శిబిరం పెట్టే సంఘం ఈ సంగతి బ్లడ్ బ్యాంకుతో ముందే మాట్లాడుకోవచ్చు. బాలింతలు, పాలిచ్చే తల్లులు, నెలసరిలో ఉన్న వాళ్లు ఆ సమయానికి ఇవ్వకూడదన్నది కూడా నోటీసులో ఒక్క ముక్కగా ఉండాలి. లేకపోతే హాల్లో అంతమంది మధ్య ఆ ప్రశ్న ఎదుర్కోవలసి వస్తుంది.

కిందటిసారి ఎప్పుడిచ్చారన్నది తరవాతి ప్రశ్న. మగవాళ్లకు 90 రోజులు, ఆడవాళ్లకు 120 రోజులు గడిచి ఉండాలి. ‘మూడు నెలలు’ అని రాసేసి సంఘాలు ఇక్కడ తడబడతాయి. మన కాలనీనే తీసుకోండి. జూన్ 14 ప్రపంచ రక్తదాతల దినం. 2026లో అది ఆదివారమే. ఆ రోజు భార్యాభర్తలిద్దరూ ఎక్కడో శిబిరంలో రక్తం ఇచ్చారనుకుందాం. భర్తకు సెప్టెంబర్ 12తో తొంభై రోజులు నిండాయి కాబట్టి అక్టోబర్ 4న ఆయన నిక్షేపంగా ఇవ్వవచ్చు. భార్యకు నూట ఇరవై రోజులు నిండేది అక్టోబర్ 12కు. ఎనిమిది రోజుల తేడాతో ఆమె ఆగాలి. కాబట్టి నోటీసులో తేదీలే వేసేయండి: ‘జులై 6 తర్వాత ఇచ్చిన మగవాళ్లు, జూన్ 6 తర్వాత ఇచ్చిన ఆడవాళ్లు ఈసారి ఆగండి.’ చదివే వాళ్లకు లెక్కలు వేసే పని తప్పుతుంది.

ఆఖరిది ఈ మధ్య వచ్చిన జ్వరాలు. అక్టోబర్ శిబిరానికి ఇది పెద్ద చిక్కు. వానాకాలంలో డెంగీ, చికున్‌గున్యా వచ్చిన వాళ్లు పూర్తిగా కోలుకున్నాక ఆరు నెలలు ఆగాలి. మలేరియా అయితే మూడు నెలలు. టైఫాయిడ్ అయితే ఏడాది. ఆగస్టులో డెంగీ చుట్టేసిన కాలనీలో అక్టోబర్‌కు అరవై మంది ఉంటారనుకోవడం కష్టం. సంఘం వాళ్లకు ఈ సంగతి ముందే తెలుసు కదా, దాన్ని బట్టి లెక్క తగ్గించుకుని బ్లడ్ బ్యాంకుకు చెప్పాలి. పచ్చబొట్టు వేయించుకున్నా, చెవో ముక్కో కుట్టించుకున్నా ఏడాది ఆగాల్సిందే. కాలేజీ పిల్లలు ఎక్కువగా వెనక్కి వెళ్లేది దీనివల్ల.

బీపీ, షుగర్ ఉన్న వాళ్లు తమకు అసలు అర్హతే లేదనుకుని రారు. అది పూర్తిగా నిజం కాదు. బీపీకి మందు వాడుతున్నా, ఆ రోజు కొలతలో పైది 100 నుంచి 140 మధ్య, కిందిది 60 నుంచి 90 మధ్య ఉంటే తీసుకోవచ్చు. షుగర్ మాత్రలతో అదుపులో ఉండి, ఇతర ఇబ్బందులేమీ లేకపోతే దానికీ అంతే. ఇన్సులిన్ వాడే వాళ్ల దగ్గర మాత్రం తీసుకోరు. ఇటీవలే మందు మారి ఉంటే కొన్ని వారాలు ఆగమంటారు. నడివయసు వాళ్లు ఎక్కువున్న కాలనీలో ఈ రెండు వాక్యాలతోనే పదిమంది అదనంగా రావచ్చు.

నైట్ షిఫ్టు దిగి నేరుగా వచ్చే సాఫ్ట్‌వేర్ కుర్రాళ్లను, తెల్లారేదాకా బండి నడిపిన క్యాబ్ డ్రైవర్లను నిద్రపోయి రమ్మని చెప్పాలి. ఇది మర్యాద కోసం కాదు. నిద్ర చాలకుండా రాత్రి పని చేసి వచ్చిన వాళ్ల నుంచి తీసుకోకూడదని నిబంధనే ఉంది. దూరప్రయాణాల డ్రైవర్లయితే, రక్తం ఇచ్చాక మళ్లీ డ్యూటీ ఎక్కడానికి 24 గంటల వ్యవధి ఉండాలి. శిబిరాల్లో కళ్లు తిరిగి పడేది ఎక్కువగా నిద్ర లేని వాళ్లు, తినని వాళ్లు, మొదటిసారి వచ్చి భయపడే వాళ్లు. ముందు ఆవలింతలు వస్తాయి, ముఖం పాలిపోతుంది, నుదుట చెమట పడుతుంది. అది గమనించి పడుకోబెట్టి కాళ్లు పైకెత్తి పెడితే చాలామంది కొద్ది నిమిషాల్లోనే తేరుకుంటారు. మంచం మీద ఉండగా అయితే సిబ్బంది చూసుకుంటారు. అసలు ప్రమాదం లేచి వెళ్లాక. అందుకే పండ్లరసం, బిస్కెట్లు ఇచ్చే బల్ల అదే అంతస్తులో ఉండాలి. పైఅంతస్తు హాల్లో రక్తం తీసి కింద సెల్లార్లో టిఫిన్ పెట్టే ఏర్పాటు చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. దిగే మెట్ల మీదే కళ్లు తిరుగుతాయి మరి. హాలు చూసుకునేటప్పుడే కరెంటు పోతే ఆధారం ఉందా, చేతులు కడుక్కోవడానికి నీళ్లున్నాయా అన్నవి కూడా చూడాలి. ఇవి రెండూ నిబంధనల్లో ఉన్నవే.

ఇక ఫోన్ నంబర్లు. ఒక్కటి సరిపోదు. హాలు ఎక్కడ, పార్కింగు ఉందా, నా టైము మార్చుకోవచ్చా అని అడిగే వాళ్ల కోసం సంఘం కార్యదర్శి నంబరు. నేను ఫలానా మాత్ర వాడుతున్నాను, రావచ్చా అని అడిగే వాళ్ల కోసం బ్లడ్ బ్యాంకు నంబరు. ఈ రెండో ప్రశ్నకు కార్యదర్శి సొంత తెలివితో జవాబు చెప్పకూడదు, అడిగిన మనిషి తన జబ్బు సంగతి పక్కింటాయనకు చెప్పుకోవలసిన అవసరమూ లేదు. అడుగున బ్లడ్ బ్యాంకు పేరు, లైసెన్సు నంబరు ఉంటే సందేహం ఉన్న వాళ్లు సరిచూసుకోగలరు. దాతల పేర్లు, గ్రూపులు, ఫోన్ నంబర్లు ఉన్న జాబితాను మాత్రం గ్రూపులో పెట్టవద్దు. నోటీసు ఎన్నో గ్రూపులు తిరుగుతుంది కాబట్టి తేదీలో సంవత్సరం తప్పనిసరి. ‘ఈ ఆదివారం’ అని రాసిన నోటీసు రెండేళ్ల తర్వాత కూడా ఎవరో ఒకరికి చేరుతుంది, ఆ నంబరుకు ఫోన్లు వస్తూనే ఉంటాయి.

ఇవన్నీ కూర్చితే మన కాలనీ నోటీసు ఇలా వస్తుంది:

‘అక్టోబర్ 4, 2026, ఆదివారం. ఉదయం 9 నుంచి 12 వరకు, చివరి పేరు నమోదు 11.45కి. కమ్యూనిటీ హాలు, కింది అంతస్తు. ఏ, బీ బ్లాకులు 9కి, సీ బ్లాకు 10కి, విడి ఇళ్లు 11కి. టిఫిన్ తిని, నీళ్లు తాగి, రాత్రి బాగా నిద్రపోయి రండి. గుర్తింపు కార్డు తెచ్చుకోండి. వయసు 18–65, మొదటిసారైతే 60 లోపు. బరువు 45 కిలోలకు తగ్గకూడదు. జులై 6 తర్వాత రక్తమిచ్చిన మగవాళ్లు, జూన్ 6 తర్వాత ఇచ్చిన ఆడవాళ్లు, ఆరు నెలల్లో డెంగీ వచ్చిన వాళ్లు, ఏడాదిలో టైఫాయిడ్ వచ్చిన వాళ్లు, పచ్చబొట్టు వేయించుకున్న వాళ్లు, పాలిచ్చే తల్లులు, నెలసరిలో ఉన్న వాళ్లు ఈసారి ఆగండి. బీపీ, షుగర్‌కు మాత్రలు వాడేవాళ్లు రావచ్చు, డాక్టరు చూసి చెబుతారు. బ్లడ్ గ్రూపు తెలియకపోయినా ఫర్వాలేదు. ఏర్పాట్లకు కార్యదర్శి నంబరు, ఆరోగ్య సందేహాలకు రక్త కేంద్రం నంబరు, లైసెన్సు వివరాలు కింద.’

వాట్సాప్‌లో ఒక్క తెరలో చదివేయవచ్చు. నినాదానికి చోటు మిగలలేదు, ఫర్వాలేదు. బహుమతులని, డబ్బులని రాయకూడదు. డబ్బుకు రక్తం అమ్ముకోవడాన్ని ఆపమని 1996లో సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. 1998 నుంచి ఆ పద్ధతి దేశంలో నిషిద్ధం. ‘ఉచిత హెచ్ఐవీ పరీక్ష’ అని ఆకర్షణగా రాసే సంఘాలు కూడా ఉన్నాయి. అది అన్నిటికన్నా చెడ్డ వాక్యం. సేకరించిన ప్రతి సంచికీ హెచ్ఐవీ, హెపటైటిస్ బి, సి, సిఫిలిస్, మలేరియా పరీక్షలు చేస్తారన్నది నిజమే. కానీ వైరస్ ఒంట్లోకి వచ్చిన తొలిరోజుల్లో పరీక్షకు దొరకదు. అనుమానంతో పరీక్ష కోసమే వచ్చిన మనిషి రక్తం ‘లేదు’ అని తేలి ఎవరికో ఎక్కిపోయే ప్రమాదం ఉంది. అలాంటి అనుమానం ఉన్న వాళ్లకు ప్రభుత్వ ఆసుపత్రుల్లోని ఐసీటీసీ కేంద్రాల్లో ఉచితంగా, గోప్యంగా పరీక్ష చేస్తారు. శిబిరానికి దాంతో సంబంధం లేదు.

శిబిరం ముగిశాక కూడా నోటీసులోని రక్త కేంద్రం నంబరుతో పని ఉంటుంది. ఆదివారం రక్తం ఇచ్చిన మనిషికి మంగళవారం జ్వరం తగిలితే ఆ సంగతి కేంద్రానికి ఫోన్ చేసి చెప్పాలి. దాత కార్డు మీది నంబరు చెబితే చాలు, వాళ్లు ఆ సంచిని వెతికి పక్కన పెడతారు. హాల్లో ఫారం నింపేటప్పుడు చెప్పడానికి సిగ్గుపడి దాచిన విషయం ఏదైనా తర్వాత గుర్తుకొచ్చి మనసు పీకితే, దానికీ ఇదే దారి. ఎవరికీ పేరు తెలియకుండానే ఆ రక్తం ఆగిపోతుంది.